సంపు కడిగించిన నెలకే మళ్లీ బురద, మురుగు వాసన. మోటారు కూడా పొద్దున్నే నీళ్లు ఎత్తడం లేదు

ఉప్పల్_వసంత
మాది ఉప్పల్‌లో సొంత ఇల్లు. సంపు కట్టి 14 ఏళ్లయింది. పొడవు 8 అడుగులు, వెడల్పు 5, లోతు 5. ఇటుక గోడలకు లోపల సిమెంటు పూత పూశారు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు సుమారు గంటసేపు వస్తాయి. సంపు పక్కనే ఉన్న 1 హెచ్‌పీ మోనోబ్లాక్ మోటారుతో వాటిని పై ట్యాంకుకు ఎక్కిస్తాము.

పోయిన నెలలో మనుషులను పిలిచి సంపు శుభ్రంగా కడిగించాను. మూడు వారాలు తిరగకుండానే కుళాయిల్లో మళ్లీ మట్టి రంగు నీళ్లు వస్తున్నాయి. రాత్రి స్టీలు బిందె నింపి పెడితే తెల్లారేసరికి అడుగున గోరు మందాన మెత్తటి బురద పేరుకుంటోంది. పొద్దున్నే కుళాయి తిప్పిన మొదటి ఐదు నిమిషాలు మురుగు కాలువ పక్కన నిలబడ్డట్టు వాసన వస్తోంది. దీనికి తోడు మోటారు వేసే ముందు ప్రతిరోజూ గరాటులో రెండు చెంబుల నీళ్లు పోస్తే గాని అది నీళ్లు అందుకోవడం లేదు.

ప్లంబర్ సంపులోకి దిగే మోటారు పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వ్ మార్చాలంటున్నాడు. సంపు కడిగిన వాళ్లు బ్లీచింగ్ ఎక్కువ వేయమంటున్నారు. నేను నల్లా పైపు మూతికి పాత నూలు చీర ముక్క రెండు మడతలు వేసి కట్టాను, అయినా లాభం లేదు. వీటిలో ముందు ఏది చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

బెంగళూరు_అద్దె
మధ్యలో ట్యాంకరు నీళ్లు పోయించుకున్నారా? మా అపార్ట్‌మెంటులో ట్యాంకరు వచ్చిన మర్నాడల్లా ఇదే పరిస్థితి. ట్యాంకరు గొట్టాన్ని నేల మీద ఈడ్చుకొచ్చి అలాగే సంపులోకి దింపుతారు, దాని మూతికి అంటిన మట్టి అంతా లోపలికి పోతుంది.

పెరటి_జామ
ఇంత ఆలోచించవలసిన పని లేదు. దోమతెర నైలాను గుడ్డను ఫుట్ వాల్వ్ చుట్టూ మూడు చుట్లు చుట్టి తీగతో బిగించండి. మా ఇంట్లో రెండేళ్ల క్రితం అలాగే చేశాము. ఆ రోజు నుంచి పై ట్యాంకులోకి ఒక్క నలుసు కూడా రాలేదు.

విశాఖ_తీరం
అది బురద కాకపోవచ్చు, నీళ్లలోని ఇనుము కావచ్చు. మా బోరు నీళ్లు పైకి వచ్చినప్పుడు అద్దంలా ఉంటాయి, గంట గడిచాక ఎర్రబడి అడుగున తుప్పు రంగు మడ్డి దిగుతుంది. మేము చాలా కాలం సంపు కడుగుతూనే ఉన్నాము, చివరికి ఇనుమును తీసే ఫిల్టరు పెట్టించాక ఆ బాధ తీరింది.

ఉప్పల్_వసంత
విశాఖ_తీరం గారూ, మాకు బోరు లేదు, నల్లా నీళ్లు మాత్రమే. అడుగున దిగేది తుప్పు రంగులో లేదు, మా పెరటి మట్టి రంగులో ఉంది. వేళ్ల మధ్య రుద్దితే జారుడుగా ఉంటుంది, ఇసుక తగలదు. ట్యాంకరు నీళ్లు ఈ ఏడాది పోయించలేదు.

మోటారు_మేస్త్రి
నేను 25 ఏళ్లుగా మోటార్లు, పైపుల పని చేస్తున్నాను. అమ్మా, మీరు చెప్పినవి మూడు వేర్వేరు జబ్బులు, మూడింటికీ ఒకే మందు ఉంటుందని అనుకోవద్దు. బురద ఎక్కడి నుంచి వస్తోంది, వాసన ఎక్కడి నుంచి వస్తోంది, మోటారులో నీళ్లు ఎందుకు నిలవడం లేదు అన్నవి విడివిడిగా తేల్చుకోవాలి. అందుకు పైసా ఖర్చు లేని నాలుగు పరీక్షలు ఉన్నాయి.

నల్లా వచ్చే రోజు చీర ముక్క తీసేసి, పైపు మూతి దగ్గర నేరుగా మూడు బకెట్లు పట్టండి. ఒకటి నీళ్లు రాగానే, ఒకటి పది నిమిషాలకు, ఒకటి అరగంటకు. మూడింటినీ రాత్రంతా కదల్చకుండా ఉంచి, అడుగున ఏమి దిగిందో, ఏ బకెట్టుకు వాసన ఉందో చూడండి. బురద నల్లాలోనే వస్తోందా, సంపులో పుడుతోందా అన్నది దీనితో తెలిసిపోతుంది.

రెండోది, నల్లా లేని రోజు రాత్రి పై ట్యాంకు నింపుకుని మోటారు ఆపేయండి. సంపు గోడ మీద నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీయండి. పొద్దున్నే మోటారు వేయకముందు చూడండి. మట్టం తగ్గితే నీళ్లు బయటికి కారుతున్నట్టు, పెరిగితే బయటి నీళ్లు లోపలికి వస్తున్నట్టు.

మూడోది మోటారు సంగతి. గరాటు నిండా నీళ్లు పోసి, మూత తెరిచే ఉంచి, మోటారు వేయకుండా పది నిమిషాలు గమనించండి. నీళ్లు దిగిపోతుంటే ఫుట్ వాల్వ్ మూసుకోవడం లేదు. నీళ్లు కదలకుండా నిలబడి, మోటారు వేసినప్పుడు మాత్రం గాలి బుడగలతో ఎగిరెగిరి పోస్తుంటే ఫుట్ వాల్వ్ మంచిదే, పైన ఏదో అతుకు దగ్గర గాలి లాగుతోంది. ఈ తేడా చూడకుండానే వాల్వ్ మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

నాలుగోది, పొడవాటి వెదురు కర్ర దింపి, ఫుట్ వాల్వ్ నేలకు ఎంత ఎత్తులో ఉందో, నల్లా నీళ్లు పడే చోటికి ఎంత దూరంలో ఉందో కొలిచి రాయండి.

పెరటి_జామ
మేస్త్రి గారూ, నేను చెప్పినదాంట్లో తప్పేముంది? జల్లెడ పెడితే మురికి ఆగుతుంది కదా. మా ఇంట్లో ఆగింది.

మోటారు_మేస్త్రి
ఆగుతుంది, కాకపోతే ఆగకూడని చోట ఆగుతుంది. ఫుట్ వాల్వ్ చుట్టూ ఉండే జల్లెడ రంధ్రాలన్నీ కలిపితే పైపు మూతి వైశాల్యానికి కనీసం రెట్టింపు ఉండాలి, అప్పుడే మోటారుకు నీళ్లు ధారాళంగా అందుతాయి. దాని మీద దోమతెర మూడు చుట్లు చుడితే ఆ దారి సగానికి పడిపోతుంది, నెల తిరిగేసరికి పాచి పట్టి ఇంకా మూసుకుపోతుంది. అప్పుడు మోటారులో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు వస్తుంది, ట్యాంకు నిండడానికి అరగంట పట్టేది గంట పడుతుంది. మీ ట్యాంకు ఇప్పుడు ఎంతసేపట్లో నిండుతోందో, రెండేళ్ల క్రితం ఎంతసేపట్లో నిండేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

ఇంకో మాట. వసంత గారు చెప్పిన జారుడు మట్టి బంకమట్టి. అది దోమతెరలోంచే కాదు, నూలు గుడ్డలోంచి కూడా జారిపోతుంది. గుడ్డ ఇసుకను, నార పీచును ఆపుతుంది గాని బంకమట్టిని ఆపలేదు.

పెరటి_జామ
ట్యాంకు నిండడానికి ఎక్కువ సమయం పడుతున్న మాట నిజమే. మోటారు పాతబడిందని అనుకున్నాము. ఈ ఆదివారం తీసి చూస్తాను.

గోదారి_గట్టు
మాది రాజమండ్రి. వరదల కాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు కుళాయి నీళ్లలో కూడా కొంత రంగు కనిపిస్తుంది. మా నాన్నగారు పైపు సంపులోకి దిగే ముందు ఒక టీ జాయింటు, ఒక చిన్న కుళాయి పెట్టించారు. నీళ్లు వచ్చిన మొదటి పది నిమిషాలు ఆ చిన్న కుళాయిలోంచి మొక్కలకు వదిలేసి, తరవాతే సంపులోకి తిప్పుతాము. గొట్టాల్లో ఒకటి రెండు రోజులు నిలిచిన మడ్డి అంతా ఆ మొదటి నీళ్లతోనే వస్తుంది.

వసంత గారు కట్టిన చీర ముక్క విషయం నేనూ చెప్పాలి. మేమూ ఒకప్పుడు గుడ్డ సంచి కట్టాము. రెండు వారాల తరవాత విప్పితే లోపలి వైపు పాచి పట్టి, ముక్కు దగ్గర పెట్టుకోలేనంత కంపు కొట్టింది. మీ వాసనలో కొంత భాగం ఆ గుడ్డదే అయి ఉండవచ్చు.

సివిల్_పాతకాపు
గుడ్డకు బదులు స్టీలు జాలీతో చేసిన చిన్న బుట్టను పైపు మూతి కింద వేలాడదీయడం మేలు. చేత్తో తీసి, బ్రష్షుతో తోమి, మళ్లీ తగిలించుకునే వీలుండాలి. బుట్ట మూతికి పైపు ఆనకూడదు, బుట్ట మూసుకుపోయినా నీళ్లు పైనుంచి పొర్లి సంపులో పడే ఖాళీ ఉండాలి. మూతికి బిగించి కట్టిన జల్లెడ మూసుకుపోతే నల్లా ధార తగ్గిపోతుంది, వాడేవాళ్లు నీళ్లే రావడం లేదని భ్రమపడతారు.

మీ ఇంట్లో వీధి మురుగు చాంబరు లేదా సెప్టిక్ ట్యాంకు సంపుకు ఎంత దూరంలో ఉంది?

ఉప్పల్_వసంత
నాలుగు రోజులు ఓపికగా అన్ని పరీక్షలూ చేశాను.

మొదటి బకెట్టులో కొద్దిగా మడ్డి దిగింది, బ్లీచింగ్ వాసన తప్ప ఇంకేమీ లేదు. రెండోది, మూడోది తెల్లారేసరికి కూడా తేటగానే ఉన్నాయి. చీర ముక్కను విప్పితే గోదారి_గట్టు గారు చెప్పినట్టే లోపల జిగట పాచి ఉంది, దాన్ని పారేశాను.

గరాటు నిండా పోసిన నీళ్లు ఆరు నిమిషాల్లో పూర్తిగా దిగిపోయాయి. కర్రతో కొలిస్తే ఫుట్ వాల్వ్ నేల మీదే కూర్చుని ఉన్నట్టు తెలిసింది, కింద రెండు వేళ్ల సందు కూడా లేదు. నల్లా నీళ్లు పడే చోటు దానికి అడుగున్నర దూరంలోనే ఉంది.

గీత సంగతే నాకు అర్థం కాలేదు. మొదటి రాత్రి మట్టం మారలేదు. మర్నాడు నల్లా రాలేదు, మధ్యాహ్నం మోటారు వేయలేదు, అయినా సాయంత్రానికి నీళ్లు గీత మీదికి సుమారు పావు అంగుళం పెరిగాయి. ఆ రోజు మా పనిమనిషి ముందు వాకిలి, మోటారు ఉన్న పక్క సందు కడిగింది. మురుగు చాంబరు సంపు గోడకు నాలుగు అడుగుల దూరంలో ఉంది, సెప్టిక్ ట్యాంకు లేదు.

సివిల్_పాతకాపు
ఆ పావు అంగుళం చిన్నది కాదు. మీ సంపు నేల వైశాల్యం 40 చదరపు అడుగులు, అంటే ఒక అంగుళం మట్టానికి సుమారు 94 లీటర్ల నీళ్లు పడతాయి. పావు అంగుళమంటే 23 లీటర్లు. ఒక బకెట్టు నిండా కడుగు నీళ్లు ఆ రోజు మీ సంపులోకి దిగాయి. రాత్రి పెరగకుండా, సందు కడిగిన పూట మాత్రమే పెరిగిందంటే, ఆ నీళ్లు నేల మీద నుంచి వచ్చినవే అయి ఉండాలి. భూమిలోంచి ఊరే నీళ్లయితే రాత్రనక పగలనక పెరుగుతాయి.

మూత తీసి, టార్చి వేసి, మోటారు పైపు సంపులోకి దిగే రంధ్రం కింద గోడను చూడండి. మూత అంచు కింద కూడా చూడండి. అక్కడ చార ఉంటుంది.

ఉప్పల్_వసంత
చార ఉంది. పైపు దిగే రంధ్రం పైపు కన్నా రెట్టింపు వెడల్పుగా ఉంది, చుట్టూ వేసిన సిమెంటు పగిలి ముక్కలుగా లేచి వచ్చింది. దాని కింద గోడ మీద పసుపు కలిపిన నీళ్లు కారినట్టు వేలెడు వెడల్పున మట్టి చార నీటి మట్టం దాకా దిగింది. వేలితో తాకితే తడిగానే ఉంది. 14 ఏళ్లుగా ఆ పక్కనే నిలబడి మోటారు వేస్తున్నాను, ఒక్కసారి కూడా వంగి ఆ కింద చూడలేదు.

మూత అంచు కూడా నేలతో సమానంగానే ఉంది.

అనంత_రైతు
మట్టి వచ్చే దారి దొరికింది కదా. దాన్ని పూడ్చేస్తే సరిపోతుంది. ఫుట్ వాల్వ్‌ను మాత్రం పైకి ఎత్తవద్దు. సంపు మూలలో ఉండే గుంటలోనే అది కూర్చోవాలి, అప్పుడే అడుగు దాకా ప్రతి చుక్కా వాడుకోవచ్చు. మా ఊళ్లో నీళ్లు దొరకడమే కష్టం, అరడుగు నీళ్లను సంపులో వదిలేయడం మాకు కుదరదు.

మోటారు_మేస్త్రి
మీ ఊరి కష్టం అర్థం చేసుకోగలను, అయినా ఆ గుంట కడిగేటప్పుడు మడ్డిని ఒకచోటికి నెట్టి ఎత్తిపోయడానికి పెట్టింది, తాగే నీళ్లు తోడడానికి కాదు. సంపులో చేరిన బురద అంతా దిగి చేరేది అక్కడికే. అందులో ఫుట్ వాల్వ్ పెడితే మోటారు ముందుగా తోడేది ఆ బురదనే.

నేలకు కనీసం ఆరు అంగుళాల ఎత్తులో, నల్లా పడే చోటికి ఎదురు చివర ఉండాలన్నది నేను పాటించే పద్ధతి. వసంత గారి సంపులో ఆరు అంగుళాలంటే 560 లీటర్లు మిగిలిపోతాయి. నీటి కరువున్న చోట ఆ నీళ్లను వారానికోసారి బకెట్టుతో తోడి మొక్కలకు, గచ్చు కడగడానికి వాడుకోండి. పై ట్యాంకుకు పంపవద్దు.

వసంత గారి ఇంట్లో జరుగుతున్నది ఇది. కడుగు నీళ్లతో మట్టి లోపలికి దిగుతోంది, అది అడుగున పేరుకుంటోంది. నల్లా ధార నాలుగైదు అడుగుల ఎత్తు నుంచి పడి ఆ మట్టిని లేపుతోంది, పక్కనే నేల మీద కూర్చున్న ఫుట్ వాల్వ్ దాన్ని లాగుతోంది. అదే మట్టిలోని నలుసు వాల్వ్ రెక్క కింద ఇరుక్కుంటోంది, అందుకే పైపులో నీళ్లు నిలవడం లేదు. ఈ మూడూ ఒకదానికొకటి దారి చూపిస్తున్నాయి. మొదట వేర్వేరు జబ్బులని రాశాను, ఇక్కడ చివరికి వాటిలో రెండింటికి మూలం ఒకటే అని తేలేట్టు ఉంది. వాసన సంగతి మాత్రం నాకు ఇంకా తెలియలేదు.

అనంత_రైతు
ఆరు అంగుళాలు నాకు ఎక్కువే అనిపిస్తోంది. నాలుగైనా చాలదా?

మోటారు_మేస్త్రి
ఏటా రెండుసార్లు కడిగించేవారికి నాలుగు చాలవచ్చు. కడిగించనివారికి ఆరు కూడా చాలదు.

ఉప్పల్_వసంత
ముందు కడిగించి, తరవాత రంధ్రం పూడ్పించాలా, లేక ముందే పూడ్పించాలా? నీళ్లన్నీ తోడేశాక అడుగున మోకాటి కింది దాకా మడ్డి మిగిలితే మా అబ్బాయి దిగి ఎత్తిపోస్తానంటున్నాడు. ఇంటర్ చదువుతున్నాడు, బలంగా ఉంటాడు.

సివిల్_పాతకాపు
దయచేసి అబ్బాయిని దింపవద్దు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా చాలదు. మూసి ఉన్న సంపులో మడ్డి కుళ్లినప్పుడు ప్రాణవాయువు తగ్గుతుంది, కుళ్లిన కోడిగుడ్ల వాసన వేసే విషవాయువు పుడుతుంది. ఆ వాయువు ఎక్కువైతే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది, అందువల్ల వాసన తగ్గిందని దిగినవాడికి ప్రమాదం తెలియదు. సంపుల్లో ఒకరు పడిపోతే కాపాడబోయి వెనకే దిగినవారు కూడా చనిపోయిన సంఘటనలు మన దగ్గరే ఎన్నోసార్లు జరిగాయి. దీపం పెట్టి చూడటం పాత పద్ధతి, అది ఆ విషవాయువును పట్టలేదు.

పై నుంచే చేయగలిగినంత పని చేయండి. మడ్డి తోడే మోటారును తాడుతో దింపి, పైనుంచి ధారగా నీళ్లు కొట్టి మడ్డిని గుంట వైపు తోస్తే చాలావరకు మనిషి దిగకుండానే బయటికి వస్తుంది. ఎవరైనా దిగక తప్పకపోతే ఆ పని అలవాటున్నవారే, గాలిని కొలిచే పరికరంతో, మూతలు తెరిచి గాలి ఊదిన తరవాత, నడుముకు తాడు కట్టుకుని, పైన ఇద్దరు పట్టుకుని ఉండగా దిగాలి. లోపల మనిషి ఉన్నంతసేపూ నీళ్లలో ఏ కరెంటు మోటారూ నడవకూడదు, డీజిలు ఇంజను సంపు దరిదాపుల్లో ఉండకూడదు.

ఉప్పల్_వసంత
మా అబ్బాయికి మీ జవాబు చదివి వినిపించాను. దిగడు. పరికరం ఉన్న మనుషులనే మాట్లాడుతాను.

పెరటి_జామ
గోడల పాచికి బాత్‌రూము కడిగే యాసిడ్ బాగా పనిచేస్తుంది. యాసిడ్‌తో తోమి, పైన బ్లీచింగ్ చల్లితే అద్దంలా మెరుస్తుంది.

సివిల్_పాతకాపు
ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, సంపు లాంటి గుంతలో అది ప్రాణాంతకం. యాసిడ్ సిమెంటు పూతను కూడా తినేస్తుంది. దయచేసి ఆ సలహాను ఎవరూ పాటించవద్దు. గట్టి ప్లాస్టిక్ బ్రష్షు, నీళ్లు చాలు. పాత పాచి పొర రాకపోతే రెండోసారి తోమాలి.

పెరటి_జామ
నాకు ఆ విషయం తెలియదు. ఎవరూ చేయకండి, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మోటారు_మేస్త్రి
వసంత గారూ, మీరు అడిగిన వరుస ఇది. ముందు నీళ్లు తోడించండి, తరవాత రంధ్రం పని, చివరగా కడగడం. రంధ్రం చెక్కినప్పుడు రాలే సిమెంటు ముక్కలు కడిగిన సంపులో పడితే మీకు మళ్లీ పని.

రంధ్రం చుట్టూ ఉత్త సిమెంటు పెట్టించవద్దు. మోటారు తిరిగినప్పుడల్లా పైపు వణుకుతుంది, సిమెంటు ప్లాస్టిక్ పైపును అంటుకోదు, ఆరు నెలల్లో మళ్లీ పగులు వస్తుంది. మీ ఇంట్లో ఇప్పుడు జరిగింది అదే. పైపు కన్నా ఒక సైజు పెద్ద పైపు ముక్కను తీసుకుని, దాని బయటి వైపు గరుకు కాగితంతో రుద్ది, పైపు గమ్ము పూసి, తడి ఆరకముందే ఇసుకలో దొర్లించండి. ఇసుక అంటిన ఆ ముక్కను రంధ్రంలో నిలబెట్టి సిమెంటు చేస్తే గట్టిగా పట్టుకుంటుంది. అది నేల మీదికి నాలుగు అంగుళాలు లేచి ఉండాలి. మోటారు పైపు ఆ ముక్క లోపల నుంచి దిగుతుంది, మధ్య సందులో రబ్బరు గానీ సిలికాన్ గానీ నింపండి. అప్పుడు పైపు వణికినా సిమెంటుకు దెబ్బ తగలదు.

మూత చుట్టూ కూడా అరడుగు ఎత్తున ఇటుక కట్టు కట్టించండి. పైపుకు మోటారు దగ్గర విప్పి బిగించుకునే యూనియన్ జాయింటు ఒకటి పెట్టించుకుంటే ఇకపై ఫుట్ వాల్వ్ తీయడానికి పైపు కోయనక్కరలేదు.

గోదారి_గట్టు
నల్లా పైపును కూడా సంపు లోపల ఒక ఎల్బోతో తిప్పి, ధార గోడకు తగిలి జారేట్టు చేయించండి. పై నుంచి దభేలున పడే నీళ్లే మడ్డిని లేపుతాయి. పైపు మూతి మాత్రం నీళ్లలో మునగకూడదు, మునిగితే వీధి లైనులో నీళ్లు ఆగినప్పుడు సంపు నీళ్లు వెనక్కి లాగబడతాయి.

బెంగళూరు_అద్దె
కడిగాక బ్లీచింగ్ ఎంత వేయాలి? మా వాచ్‌మన్ పిడికిళ్లతో వేస్తాడు, రెండు రోజులు స్నానం చేస్తే కళ్లు మండుతాయి.

సివిల్_పాతకాపు
వెయ్యి లీటర్లకు 4 గ్రాములు, అంటే దాదాపు ఒక చెంచాడు. బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లనే సంపులో పోయాలి. అరగంట తరవాత వాడుకోవచ్చు. డబ్బా తెరిచి నెలలు గడిచి, గడ్డకట్టి, ఘాటు పోయిన పొడి పనిచేయదు. అది ఎంత వేసినా సున్నమే.

మురుగు లోపలికి వస్తున్న సంపుకు బ్లీచింగ్ మందు కాదని కూడా చెప్పాలి. మడ్డి ఉన్న నీళ్లలో వేసిన క్లోరిన్‌ను ఆ మడ్డే తినేస్తుంది. అందుకే ముందు దారి మూయాలి, తరవాత కడగాలి, చివర బ్లీచింగ్.

ఉప్పల్_వసంత
నిన్న పని అయింది. రంధ్రం చెప్పినట్టే చేయించాను. మడ్డి దగ్గర దగ్గర ఆరు బకెట్లు వచ్చింది, దానిలో వేపాకులు, ఒక సబ్బు కాగితం కూడా ఉన్నాయి.

ఫుట్ వాల్వ్‌ను ప్లంబర్ నా ఎదుటే విప్పాడు. రబ్బరు రెక్క బాగానే ఉంది, అయితే దాని కింద కూర్చునే అంచు మీద తెల్లటి టేపు పోగు ఒకటి అడ్డంగా పడి ఉంది, దాని పక్కన రెండు ఇసుక రేణువులు ఉన్నాయి. పైపు మరలకు చుట్టే టేపు అట, పోయినసారి అతికినప్పుడు లోపలికి జారి ఉంటుందని చెప్పాడు. పాత టూత్ బ్రష్షుతో తోమి, వాల్వ్‌ను నిలువుగా పట్టుకుని నీళ్లు పోస్తే ఒక్క చుక్క కూడా జారలేదు. కొత్త వాల్వ్ కొనవలసిన అవసరం పడలేదు. నేలకు ఆరు అంగుళాల ఎత్తున, ఎదురు మూలకు మార్పించాను.

ఈ రోజు పొద్దున్నే గరాటులో నీళ్లు పోయకుండానే మోటారు అందుకుంది.

మోటారు_మేస్త్రి
సంతోషం అమ్మా. టేపును పైపు మరల చివరి దాకా చుట్టకుండా ఒక మర వదిలేస్తే పోగు లోపలికి రాదు, మీ ప్లంబర్‌కు ఆ మాట చెప్పండి.

విశాఖ_తీరం
ఇంత గొడవ లేకుండా సంపులోనే మునిగే మోటారు పెట్టుకోవచ్చు కదా. దానికి ఫుట్ వాల్వ్ ఉండదు, నీళ్లు పోసే పని ఉండదు.

మోటారు_మేస్త్రి
పెట్టుకోవచ్చు, నేనూ చాలా ఇళ్లలో పెట్టాను. అయితే దాన్ని కూడా నేల మీద పెడితే బురదను ఇంకా బాగా లాగుతుంది, చెడిపోతే నీళ్లలోంచి పైకి లాగాలి. ఇంట్లో తాగే నీళ్ల సంపులో కరెంటు మోటారు మునిగి ఉండటం నాకు మనసుకు పట్టదు. ఎర్తింగ్, లీకేజీ ట్రిప్ స్విచ్ సరిగా ఉన్న ఇంట్లో పెట్టినా నేను కాదనను. దీని మీద మా మేస్త్రీల మధ్యే ఏకాభిప్రాయం లేదు.

ఉప్పల్_వసంత
పది రోజుల తరవాత రాస్తున్నాను. బిందెలో మడ్డి దిగడం ఆగిపోయింది. సందు కడిగిన రోజు కూడా సంపు గీత కదలలేదు. సివిల్_పాతకాపు గారు ఇదివరకు అడిగిన మురుగు చాంబరు విషయం నా మనసులో ఉండిపోయింది, అందుకే బట్టల నీలిమందు అరబాటిలు చాంబరులో పోసి, రెండు రోజులు సంపులో తెల్ల గిన్నెతో నీళ్లు తోడి చూశాను. నీలం ఛాయ కనిపించలేదు. మురుగు వాసన చాలావరకు తగ్గింది, కాని పొద్దున్నే మొదటి చెంబులో మాత్రం ఇంకా లేశంగా ఉంది.

సివిల్_పాతకాపు
నీలం కనిపిస్తే చాంబరు కారుతోందని నమ్మకంగా చెప్పవచ్చు, కనిపించకపోతే కారడం లేదని చెప్పలేము. నాలుగు అడుగుల మట్టిలో ఆ రంగు ఇంకిపోయే అవకాశం ఉంది. నీళ్లు వడపోసి కాచి తాగండి. నీటి పరీక్ష చేసే ప్రయోగశాలలో ఒక సీసా ఇచ్చి మలజనిత బాక్టీరియా ఉందేమో చూపించండి. నల్లా చివర క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా ఉండాలి, సంపు నీళ్లలో అది ఎంత మిగిలిందో కూడా అడగండి. వానాకాలంలో సంపు సగం ఖాళీగా ఉన్నప్పుడు గీత పరీక్ష మరోసారి చేయాలి, నేల తడిసినప్పుడే గోడ పగుళ్లు బయటపడతాయి.

గోదారి_గట్టు
పై ట్యాంకు కడిగించారా? నెల రోజులు ఆ బురదంతా అక్కడికే ఎక్కింది కదా. పొద్దున్నే మొదటి చెంబులోనే వాసన వస్తోందంటే, రాత్రంతా ట్యాంకు అడుగు మడ్డి మీద, గొట్టాల్లో నిలిచిన నీళ్లు అవి.

ఉప్పల్_వసంత
ఆ ఆలోచనే రాలేదు. ఇప్పుడే నిచ్చెన వేసి పై ట్యాంకు మూత తీసి చూశాను. అడుగున రెండు వేళ్ల మందాన అదే పెరటి మట్టి ఉంది, చేయి పెట్టి కదిపితే అదే వాసన వచ్చింది. సీసా రేపు పరీక్షకు ఇచ్చి, ఎల్లుండి ట్యాంకు కడిగిస్తాను. ఫలితం రాగానే ఇక్కడే రాస్తాను.